పాత బల్బు, ట్యూబ్‌లైట్ మీద రాత చదివి దానికి సరిపోయే ఎల్ఈడీ ఎట్ల తెచ్చుకోవాలె?

పోయిన ఎండాకాలం మా చిన్నమ్మ నకిరేకల్‌ల ఒక ఎలక్ట్రికల్ షాపు కాడ నిలబడి నాకు ఫోన్ చేసింది. "హాల్ల బల్బు పోయింది బిడ్డా, ఎన్ని వాట్లది కావాలె అంటుండు షాపాయన, అరవై అని చెప్పిన, సొరకాయంత బల్బు తీసి ముందట పెట్టిండు, ఇంత పెద్దగ లేకుండె కదా మనది" అన్నది. నాకు వెంటనే అర్థమైంది. ఆమె మనసుల ఉన్నది ఎప్పుడో పచ్చగ వెలిగే గాజు బల్బు కాలం నాటి 60 వాట్లు. షాపాయన తీసింది నిజంగనే 60 వాట్ల ఎల్ఈడీ, అది ఫంక్షన్ హాళ్లల్ల, పెద్ద షెడ్లల్ల పెట్టేది. ఇంట్ల హాల్ల పెడితే కండ్లు జిగేల్‌మంటయి, బరువుకు హోల్డర్ కూడా కిందికి గుంజుకపోతది. షాపాయన తప్పేం లేదు, అడిగింది ఇచ్చిండు. ఇప్పుడైతే ఏం తీసుకోకు చిన్నమ్మా, ఆదివారం నేనొస్త, పాత బల్బు పారెయ్యకు అని చెప్పిన.

ఆదివారం పోయి చూస్తే హాల్ల బల్బుతో పాటు వంటింట్ల నాలుగడుగుల ట్యూబ్‌లైట్ కూడా పోయి ఉంది, దాని సంగతి ఆమె ఫోన్ల చెప్పనే లేదు. ఆ రెండిటికీ సరిపోయేవి ఎట్ల వెతుక్కున్ననో వరసగ చెప్త, మీ ఇంట్ల కూడా ఇవే రెండు రకాలు ఉండే అవకాశం ఎక్కువ.

ముందుగాల: పాతదాన్ని దించుడు

స్విచ్ ఆపి ఊరుకోవద్దు, ఆ రూముకు పోయే ఎంసీబీ గానీ మెయిన్ గానీ దించాలె. ఎందుకంటే మన ఊర్లల్ల పాత ఇండ్లల్ల చాలా చోట్ల స్విచ్ ఫేజ్ వైరుకు కాకుండా న్యూట్రల్‌కు పెట్టి ఉంటది, అప్పుడు స్విచ్ ఆపినా బల్బు ఆరిపోతది గానీ హోల్డర్ల కరెంట్ అట్లనే ఉంటది. చిన్నమ్మ వాళ్లింట్ల కూడా గట్లనే ఉంది, స్విచ్ ఆపి హోల్డర్ల టెస్టర్ పెడితే టెస్టర్ లైట్ వెలిగింది, అందుకే చెప్తున్న. మెయిన్ దించినంక మళ్ల టెస్టర్ పెట్టి, వెలుగుత లేదని చూసుకున్నంకనే చెయ్యి పెట్టాలె. ఆ టెస్టర్ పని చేస్తుందా లేదా అన్నది కూడా ముందే కరెంటున్న ప్లగ్గుల పెట్టి చూసుకోవాలె.

ఇంతకు ముందే వెలుగుతున్న బల్బు అయితే ఓ పది నిమిషాలు చల్లారనియ్యాలె. పక్కకు రెండు పిన్నులున్న బల్బును కొంచెం పైకి నొక్కి ఎడమకు తిప్పితే ఊడొస్తది. మర ఉన్నదైతే నొక్కేది లేదు, ఊకె ఎడమకు తిప్పుకుంటపోవుడే.

మూతి చూసి గుర్తు పట్టుడు

బల్బుకు వాట్ల కన్న ముందు చూడాల్సింది హోల్డర్ల పోయే మూతి, దీన్నే షాపుల క్యాప్ గానీ బేస్ గానీ అంటరు. ఇది కలవకపోతే మిగతావన్నీ కలిసినా లాభం లేదు.

మన ఇండ్లల్ల పదింట్ల తొమ్మిదిటికి ఉండేది బి22. గుండ్రటి మెటల్ మూతి, పక్కల ఎదురెదురుగ రెండు చిన్న పిన్నులు, అడుగున రెండు సీసపు చుక్కలు. 22 అంటే మూతి అడ్డం 22 మిల్లీమీటర్లు. డబ్బా మీద బి22డి అని ఉంటది, ఆ చివరి డి అంటే అడుగున రెండు చుక్కలున్నయని, దాని గురించి తిప్పల పడొద్దు, రెండూ ఒకటే. షాపుల పిన్ను బల్బు అంటే ఇదే ఇస్తరు.

రెండోది ఈ27, మర ఉన్నది, 27 మిల్లీమీటర్ల అడ్డం. గేటు లైట్లల్ల, ఆన్‌లైన్‌ల కొన్న టేబుల్ లైట్లల్ల, కొన్ని ఫాల్స్ సీలింగ్ లైట్లల్ల వస్తది. అదే మర సన్నగ, వేలంత లావుంటే అది ఈ14, అడ్డం 14 మిల్లీమీటర్లు, అలంకారం లైట్లల్ల ఎక్కువ. స్కేల్ లేకపోతే పది రూపాయల బిళ్ల తీయండి, దాని అడ్డం 27 మిల్లీమీటర్లు. మర మూతి మీద బిళ్ల పెడితే సమానంగ కప్పితే ఈ27, బిళ్లల సగమే వస్తే ఈ14. ఈ పది రూపాయల బిళ్లను జేబుల్నే పెట్టుకోండి, ట్యూబ్‌లైట్ కాడ మళ్ల పని పడుతది.

పిన్ను హోల్డర్‌ను మర హోల్డర్‌గ మార్చే కన్వర్టర్లు దొరుకుతయి, రెండు దిక్కులవీ దొరుకుతయి. చేతికందే కాడ ఉన్న చిన్న బల్బుకు అయితే పర్వాలేదు గానీ, కన్వర్టర్‌తోని బల్బు ఒక అంగుళం పైన కిందికి దిగుతది, మూత ఉన్న లైటుల పట్టదు, వదులైతే కాంటాక్ట్ కాడ వేడెక్కి నల్లగ అయితది. బల్బు మూతిని బట్టి కొనుక్కునేది కాబట్టి నేనైతే కన్వర్టర్ జోలికి పోను.

చిన్నమ్మ హాల్ బల్బుది బి22. అడుగున రెండు సీసపు చుక్కలల్ల ఒకటి కరిగి, నల్లగ గుంట పడి ఉంది. అట్ల కనిపిస్తే బల్బు ఒక్కటి మారిస్తే సరిపోదు, హోల్డర్ లోపలి స్ప్రింగు పిన్ను లూజ్ అయ్యి నిప్పురవ్వలు వచ్చినట్టు లెక్క. కొత్త బల్బు పెట్టినా కొన్ని రోజులల్ల గదే గతి. మెయిన్ దించి హోల్డర్ల చూస్తే ఒక పిన్ను లోపలికి పోయి బయటికి వస్త లేదు. అందుకే ముందుగాల హోల్డర్ కూడా కొత్తది రాసుకున్న. మా చిన్నమ్మ అప్పుడు చెప్పింది, ఏడాదిల మూడు బల్బులు పోయినయంట, కంపెనీ మంచిది కాదనుకున్నదంట.

బల్బు మీద రాత చదువుడు

ఎల్ఈడీ బల్బు అయితే తెల్ల ప్లాస్టిక్ బుడ్డీ కింద, మూతికి పైన చుట్టూ సన్నగ రాసి ఉంటది. పాతదైతే చెరిగిపోతది. ఫోన్ టార్చ్‌ను పక్కకెల్లి అడ్డంగ కొట్టి చూస్తే చెరిగిన రాత కూడా లేచొస్తది, ఫోటో తీసి పెద్దగ చేసుకుంటే ఇంకా మంచిగ కనబడుతది. తడిబట్టతోని గట్టిగ రుద్దొద్దు, ఉన్న రాత కూడా పోతది. హాల్ బల్బు మీద కనిపించింది ఇది:

```
LED 9W  B22d
220-240V~ 50Hz
6500K  825lm
```

మొదటి లైన్ల 9 వాట్లు, మూతి బి22. అంటే చిన్నమ్మ హాల్ల ఉన్నది 60 కాదు, 9 వాట్లదే, అది ఆమెకు తెల్వక పోయింది. రెండో లైన్ వోల్టేజీ. మూడో లైన్ల 6500కే అంటే వెలుగు రంగు, 825 ఎల్ఎం అంటే 825 ల్యూమెన్లు, అంటే బల్బు ఎంత వెలుగు బయటికి ఇస్తదో దాని కొలత.

ఇక్కడే చాలా మందికి గడబిడ అయితది. వాట్లు అంటే బల్బు తాగే కరెంటు, వెలుగు కాదు. పాత గాజు బల్బు 60 వాట్లు తాగి ఇచ్చేది సుమారు 700 ల్యూమెన్లే, మిగతాదంతా వేడిగనే పోయేది. అదే వెలుగును సీఎఫ్ఎల్, అదే మెలికలు తిరిగిన తెల్ల బల్బు, 14 వాట్లకే ఇచ్చింది. ఎల్ఈడీ 8, 9 వాట్లకే ఇస్తది. అట్లనే 100 వాట్ల పాత బల్బు 1300 ల్యూమెన్ల పైన ఇచ్చేది, దాని జాగల 12 నుంచి 14 వాట్ల ఎల్ఈడీ కావాలె. 40 వాట్ల బాత్రూం బల్బుకు 5 వాట్లదే సరిపోతది. అందుకే పోయింది ఏ రకం బల్బో గుర్తు పట్టకుండ ఉత్త వాట్లు చెప్తే చిన్నమ్మకైనట్టే అయితది. షాపుల "60 వాట్ల పాత బల్బంత వెలుగు కావాలె, ఎల్ఈడీల ఇయ్యి అన్నా" అనాలె, లేకపోతే సీదా "9 వాట్ల ఎల్ఈడీ, పిన్నుది" అనాలె.

ఇంకో సంగతి, రెండు బల్బులు రెండూ 9 వాట్లే అయినా వెలుగు ఒక్క తీరుగ ఉండాలని లేదు. షాపుల రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి చూసిన, ఒకదాని మీద 720 ల్యూమెన్లు, ఇంకోదాని మీద 990. ల్యూమెన్లను వాట్లతోని భాగిస్తే మొదటిది వాటుకు 80, రెండోది వాటుకు 110. రెండిటికీ కరెంటు బిల్లు అంతే, రెండోదాంట్ల వెలుగు ఎక్కువ. డబ్బా మీద స్టార్ల లేబుల్ ఉంటది చూడండి, ఆ స్టార్లు కూడా ఈ లెక్క మీదనే ఇస్తరు, వాటుకు ఎన్ని ల్యూమెన్లన్నదే. మన పాత బల్బు 825 కాబట్టి కొత్తది 800 నుంచి 900 మధ్యల ఎంత ఉన్నా చిన్నమ్మకు తేడా తెల్వది. వెలుగుల ఓ పదోవంతు ఎక్కువ తక్కువ అయితే మన కన్ను పట్టదు, అందుకే అంకెకు అంకె కలవాలని తిప్పల పడొద్దు.

రాత మొత్తం చెరిగిపోయి ఏం కనబడకపోతే? బల్బు సైజు చూసి వాట్లు చెప్పుడు ఎల్ఈడీల కుదరదు, ఒక్కో కంపెనీ ఒక్కో సైజు చేస్తది. అట్లాంటప్పుడు పాతదాన్ని వదిలేసి రూమును చూసుకోవాలె. పదిబై పన్నెండు రూముల ఒక్కటే లైటు ఉంటే 12 వాట్లది, ఇంకో లైటు గిట్ల ఉంటే 9 వాట్లది, బాత్రూంకు, మెట్లకు 5 వాట్లది. నేను పెట్టి చూసిన ఇండ్లల్ల ఈ లెక్క తప్పలేదు.

రంగు, వోల్టేజీ

6500 తెల్లటి వెలుగు, డబ్బా మీద కూల్ డేలైట్ అని ఉంటది. 4000 మధ్యరకం. 2700, 3000 అంటే పాత గాజు బల్బు లెక్క పచ్చటి వెలుగు, వార్మ్ వైట్. అంకె పెద్దగైతే వెలుగు ఎక్కువని కొందరనుకుంటరు, కాదు, అది ఒక్క రంగు సంగతే. ఒకే రూముల రెండు లైట్లుంటే మాత్రం రెండిటికీ ఈ అంకె కలవాలె, లేకపోతే ఒక గోడ తెల్లగ ఒక గోడ పచ్చగ కనబడి పెద్దోళ్లు రోజూ అడుగుతరు.

కొన్నిటి మీద 865 అని మూడంకెలు ఉంటయి. వెనుక 65 అంటే 6500, ముందు 8 అంటే ఆ వెలుగుల రంగులు ఎంత నిజంగ కనబడుతయో చెప్పేది, 80కి పైన అని. మామూలు ఇంటికి దీని గురించి అంత ఆలోచన అవసరం లేదు గానీ, మా దిక్కు గద్వాల, పోచంపల్లిలల్ల మగ్గం ఉన్న ఇండ్లు, చీరల షాపులు ఉన్నోళ్లు ఇది చూడకుండ కొనొద్దు. ముందటి అంకె 7 ఉన్న లైటు కింద మెరూన్, ఎరుపు రెండూ ఒక్క తీరుగనే కనబడొచ్చు, బయటికి తీసుకుపోయి ఎండల చూస్తే వేరే తీరు.

వోల్టేజీ సంగతి ఊర్లల్ల ముఖ్యం. మన పాత బల్బు మీద 220-240 అని ఉంది. చిన్నమ్మ వాళ్లింటికి దగ్గర్ల బావుల మోటర్లు ఎక్కువ, అన్నీ ఒక్కసారి నడిస్తే వోల్టేజీ పడిపోతది, అన్నీ ఒక్కసారి ఆగితే పెరుగుతది. ఇట్లాంటి కాడ డబ్బా మీద 100-300 వోల్టులు అని ఉన్నది తీసుకోవాలె. అదే కంపెనీల అదే 9 వాట్లల్ల రెండు రకాలూ ఉంటయి, అడిగితేనే ఇస్తరు. బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతోని మొదలయ్యే నంబరు ఉందా లేదా కూడా చూడండి, బల్బులకైతే ఐఎస్ 16102 అని ఉంటది. అది లేని ఖుల్లా బల్బులల్ల రాసిన వాట్లు ఒకటి, లోపల వచ్చేది ఇంకోటి.

గేటు స్తంభం మీద గాజు గుండు మూసి ఉండే లైటుకైతే 9 వాట్లకు మించొద్దు. గాలాడక లోపల వేడి నిలిచిపోతది, ఎల్ఈడీ చిప్పుల కన్న ముందు లోపలి డ్రైవర్ల కెపాసిటర్ వేడికి ఎండిపోయి లైటు మినుకు మినుకు అని ఆరిపోతది.

ఇగ ట్యూబ్‌లైట్

బల్బు సంగతి సులువే, మూతి కలిస్తే పెట్టుడే. ట్యూబుల మూతి కలిసినా లోపలి వైరింగ్ కలవకపోవచ్చు, అసలు కష్టం ఇక్కడనే.

ముందు చేతిలున్నది పాత గాజు ట్యూబా, ఎల్ఈడీ ట్యూబా చూడాలె. వంటింట్ల ట్యూబు రెండు చివర్లా నల్లగ మసిబారినట్టు ఉంది, గాజు లోపల తెల్ల పొడి పూత ఉంది, పట్టీ లోపల బరువైన చోక్, పక్కకు గుండ్రటి స్టార్టర్ ఉన్నయి. అంటే పాత ఫ్లోరసెంట్ ట్యూబు. దాంట్ల కొంచెం పాదరసం ఉంటది, కాబట్టి దించేటప్పుడు పగలగొట్టుకోవద్దు, పగిలితే కిటికీలు తెరిచి, చీపురుతోని ఊడ్వకుండ గట్టి అట్టతోని ఎత్తి తడి గుడ్డతోని తుడవాలె. ఎల్ఈడీ ట్యూబైతే చివర్లు నల్లబడవు, మీద ఎల్ఈడీ అని రాసే ఉంటది.

మందం ఎట్ల చూడాలంటే మళ్ల పది రూపాయల బిళ్ల తీయాలె. ట్యూబు చివరన పెడితే దాదాపు సమానంగ వస్తే అది టీ8, అడ్డం 26 మిల్లీమీటర్లు. బొటనవేలు కన్న సన్నగుంటే టీ5, అది 16 మిల్లీమీటర్లు. బిళ్ల కన్న బాగా లావుంటే టీ12, 38 మిల్లీమీటర్లు, చాలా పాత 40 వాట్ల ట్యూబులు గవే. టీ పక్కన అంకె అంగుళంల ఎనిమిదో వంతులు, ఎనిమిది ఎనిమిదో వంతులంటే ఒక అంగుళం. టీ8, టీ12 రెండిటికీ చివరన పిన్నులు జీ13, అంటే రెండు పిన్నుల మధ్య 13 మిల్లీమీటర్లు, అందుకే టీ12 ఉన్న పట్టీల టీ8 పట్టుద్ది. టీ5కు మాత్రం జీ5, పిన్నుల మధ్య 5 మిల్లీమీటర్లే. టీ5 ట్యూబు పొడవు కూడా కొంచెం తక్కువ, నాలుగడుగులదే అన్నా 1149 మిల్లీమీటర్లు, టీ8 సుమారు 1200. అందుకని టేప్ పెట్టి కొలిచే పోవాలె, "నాలుగడుగులది" అన్న మాట ఒక్కటి సరిపోదు.

వంటింటి ట్యూబు మీద రాత ఇది:

```
36W/54-765
```

36 వాట్లు. మధ్యల 54 అనేది ఆ రంగుకు పాత నంబరు, చివర 765 అంటే ఇందాక చెప్పినట్టు 7, 6500. దీని వెలుగు కొత్తగున్నప్పుడు సుమారు 2500 ల్యూమెన్లు. దీని జాగల 20 వాట్ల టీ8 ఎల్ఈడీ ట్యూబు, 2000 ల్యూమెన్లది పెడితే సరిపోయింది. 500 తక్కువ కదా అంటే, గాజు ట్యూబు వెలుగు చుట్టూ పోతది, సగం పట్టీ దిక్కు, గోడ దిక్కు పోయి తిరిగొచ్చేది కొంచెమే. ఎల్ఈడీ ట్యూబుల చిప్పులన్నీ ఒక్క దిక్కు చూస్తయి కాబట్టి ఉన్నదంతా కిందికే వస్తది. పైగా పాత చోక్ ఒక్కటే 10 వాట్ల దాకా వేరేగ తాగేది, అది కూడా మిగిలింది. రెండడుగుల 18 వాట్ల గాజు ట్యూబుకైతే 9, 10 వాట్ల రెండడుగుల ఎల్ఈడీ.

వైరింగ్ ఏ రకమో తెలుసుకునుడు

పాత పట్టీల కరెంటు ఎట్ల తిరుగుతదంటే, ఫేజ్ ముందు చోక్‌ల పోయి ట్యూబు ఒక చివర మొదటి పిన్నుకు వస్తది, అదే చివర రెండో పిన్ను నుంచి స్టార్టర్ గుండ రెండో చివరకు పోతది, అక్కడ మిగిలిన పిన్ను నుంచి న్యూట్రల్‌కు. అంటే రెండు చివర్లకూ వైర్లున్నయి. ఎల్ఈడీ ట్యూబులు రెండు రకాలు. ఒకటి ఒక్క చివరకే ఫేజ్, న్యూట్రల్ రెండూ తీసుకునేది, ఆ చివరన ఎల్, ఎన్ అని స్టిక్కర్ ఉంటది. రెండోది ఒక చివర ఫేజ్, ఇంకో చివర న్యూట్రల్ తీసుకునేది. బయటికి రెండూ ఒక్క తీరుగనే కనబడుతయి.

స్టిక్కర్ ఊడిపోయిన ట్యూబు చేతిల ఉంటే మల్టీమీటర్‌ను బజర్ మోడ్‌ల పెట్టి ఒక చివర రెండు పిన్నులకూ తగిలించండి, తర్వాత రెండో చివర. ఒక చివర బీప్ కొట్టి ఇంకో చివర కొట్టకపోతే అది ఒక్క చివర కరెంటు తీసుకునేది, బీప్ కొట్టని దిక్కే ఫేజ్, న్యూట్రల్ ఇయ్యాలె. రెండు చివర్లా బీప్ కొడితే చాలా వరకు అది రెండు చివర్ల రకం. ఎటూ కొట్టకపోతే మీ అంతట మీరు కనెక్షన్ ఇయ్యొద్దు, డబ్బా మీద బొమ్మ దొరికినంకనే పెట్టాలె. డబ్బా మీద వైరింగ్ బొమ్మ ఉంటే మీటర్ కన్న ఆ బొమ్మదే మాట.

ఇక్కడ జరిగే తప్పులు చెప్త, ఇవి చూసిన తప్పులే. ఒక్క చివర రకం ట్యూబును కొత్త వైరింగ్ చేసిన పట్టీల తిప్పి పెడితే, బీప్ కొట్టే చివరకు ఫేజ్, న్యూట్రల్ రెండూ తగులుతయి. అక్కడ లోపల పిన్నులు రెండూ కలిపి ఉంటయి కాబట్టి సీదా షార్ట్, ఠప్పుమని ఎంసీబీ పడుతది. ట్యూబు ఖరాబైందని షాపుకు పోయి కొట్లాడుతరు, తిప్పి పెడితే వెలుగుతది.

కొన్ని ట్యూబుల డబ్బాలల్ల స్టార్టర్ లెక్కనే ఉండే ఒక డమ్మీ ఇస్తరు, లోపల ఫ్యూజ్ ఒక్కటే ఉంటది. ఈ రకానికి చోక్ తీయనక్కర లేదు, పాత స్టార్టర్ తీసి ఆ డమ్మీ పెట్టి ట్యూబు పెట్టుడే. పాత స్టార్టర్ అట్లనే ఉంచితే సరిగ్గ వెలగదు. ఆ డమ్మీని మాత్రం రెండు చివర్ల రకం ట్యూబు ఉన్న పట్టీల పెట్టొద్దు, ఫేజ్ న్యూట్రల్ చోక్ గుండ ఒక్కటై చోక్ కాలుతది. ఇంకోటి, పట్టీల స్టార్టరే లేకుండ సన్నటి తేలికపాటి చోక్ ఉంటే అది ఎలక్ట్రానిక్ చోక్, దాని మీద ఈ డమ్మీ రకం పని చేయదు, చోక్ తీసేసే వైరింగ్ చేయాలె.

రెండు చివర్ల రకానికి ఇంకో ప్రమాదముంది. కరెంటు ఉండగ ఒక చివర పెట్టి రెండో చివర చేతుల పట్టుకుంటే ఆ చేతిలున్న పిన్నుల మీదికి కరెంటు రావొచ్చు. ఇంట్ల ఆడోళ్లు, పిల్లలు కుర్చీ ఎక్కి మార్చేది ఉంటది కాబట్టి నేను కొనేటప్పుడు ఒక్క చివర రకమే అడుగుత.

చిన్నమ్మ వంటింట్ల చేసింది

నల్లగొండల క్లాక్ టవర్ దిక్కు షాపుల ఒక్క చివర రకం 20 వాట్ల టీ8 తీసుకున్న, 6500, 100-300 వోల్టులు. చోక్ పాతదై వేడెక్కి వాసన కొడుతుండె, అందుకే డమ్మీ రకం వద్దనుకున్న.

మెయిన్ దించి, టెస్టర్ పెట్టి చూసి, పట్టీ మూత తీసి ముందు ఫోన్ల ఫోటో తీసుకున్న. స్టార్టర్ ఊడదీసిన. చోక్‌కు రెండు వైర్లుంటయి, రెండూ విప్పి చోక్ తీసి పక్కకు పెట్టిన, అరకిలో దాకా ఉంది. వచ్చే ఫేజ్ వైరును ఎడమ చివర హోల్డర్ల ఒక కాంటాక్ట్‌కు, న్యూట్రల్ వైరును అదే ఎడమ చివర హోల్డర్ల రెండో కాంటాక్ట్‌కు పెట్టిన. కుడి చివరకు పోయే వైర్లు రెండూ పూర్తిగ తీసేసిన, ఆ హోల్డర్ ఇప్పుడు ట్యూబును పట్టుకునేటందుకే. విప్పిన కొసలు ఎక్కడా బయటికి ఉండొద్దు, కనెక్టర్ల బిగించాలె, ఉత్త టేపు చుట్టుడు వంటింటి ఆవిరికి ఊడిపోతది. స్విచ్ న్యూట్రల్ మీద ఉందని చెప్పిన కదా, ఆ పని స్విచ్ బోర్డుల అదే రోజు ఎలక్ట్రీషియన్‌తోని మార్పించిన, హాల్ల హోల్డర్ కూడా ఆయనే మార్చిండు. వైర్లు విప్పే అలవాటు లేనోళ్లు ఈ మొత్తం పని ఆయనకే ఇయ్యండి, "చోక్ తీసి, ఒక్క చివరకే ఫేజ్ న్యూట్రల్ ఇయ్యాలె" అని చెప్తే చాలు.

ట్యూబు ఎల్, ఎన్ రాసిన చివర ఎడమకు వచ్చేటట్టు పెట్టి, తొంభై డిగ్రీలు తిప్పి బిగించి, మెయిన్ లేపినంక స్విచ్ వేస్తే ఒక్కసారికే వెలిగింది, మినుకు మినుకు లేదు. హాల్ల 9 వాట్లది, 900 ల్యూమెన్లది పెట్టినం. చిన్నమ్మ పైకి చూసి, "ఇంత చిన్నదే కదా నేను అడిగింది" అన్నది.

చివరికి ఒక పని మిగిలింది, ఇది మర్చిపోవద్దు. ఈ పట్టీల రేపు ఎవరన్న పాత గాజు ట్యూబు తెచ్చి పెడితే, ఒక చివర సన్న ఫిలమెంట్ మీద సీదా 230 వోల్టులు పడి వెంటనే కాలిపోతది. అందుకే పట్టీ మీద మార్కర్‌తోని పెద్దగ రాసిన: "ఎల్ఈడీ ట్యూబు మాత్రమే, కరెంటు ఎడమ దిక్కు." స్విచ్ బోర్డు లోపలి దిక్కు చిన్న కాగితం అతికించి దాని మీద "హాల్ బి22, 9 వాట్లు, 6500. వంటిల్లు టీ8 నాలుగడుగులు, 20 వాట్లు, ఒక్క చివర" అని రాసి పెట్టిన, ఈసారి షాపుకు పోయేటప్పుడు ఆ కాగితానికి ఫోన్ల ఒక ఫోటో తీసుకుంటే చాలు.